‘నష్టపరిహారం’ అని రాస్తే భారం ఎవరి మీద పడుతుంది? అపాచీ 2.0 తెలుగు అనువాదంపై చర్చ

సుజాత: మా బృందం ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెస్తోంది. దాని లైసెన్సు అపాచీ 2.0, అంటే కోడ్‌ను ఎవరైనా తీసుకుని వాడుకోనిచ్చేది. అలా తీసుకుని ఇతరులకు ఇచ్చేవాళ్లు సొంతంగా వారంటీ ఇస్తే ఏం భరించాలో చెప్పే 9వ భాగం దగ్గర ఆగిపోయాం. ‘ఇండెమ్నిఫై’ని ‘నష్టపరిహారం చెల్లించాలి’ అని, ‘వారంటీ’ని ‘హామీ’ అని రాయొచ్చా? అర్థం మారిపోతుందా?

కిరణ్: ఇంత టెన్షన్ ఎందుకండీ? ‘ఇది అనధికార అనువాదం, ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది’ అని పైన ఒక లైన్ పెట్టేయండి. జీపీఎల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ లైసెన్సు అనువాదాలకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్లు పెట్టమనేదీ అదే. ఆ తర్వాత ఏ మాట వాడితే ఏం?

భాస్కరరావు (ఒప్పందాల అనువాదకుడు): కిరణ్ గారు చెప్పిన లైన్ పెట్టాల్సిందే. కానీ అది పెట్టినంత మాత్రాన తప్పు అనువాదం ఒప్పు కాదు. కొట్టు యజమాని ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు చదివేది తెలుగే కదా.

అసలు చిక్కు 9వ భాగం శీర్షికలోనే ఉంది. ‘యాక్సెప్టింగ్ వారంటీ’ని చాలామంది ‘వారంటీని స్వీకరించడం’ అంటారు. స్వీకరించేది కొనుక్కున్నవాడు. ఇక్కడ సంగతి వేరు, వారంటీ భారం నెత్తిన వేసుకునేవాడి గురించి. కాబట్టి ‘వారంటీ బాధ్యత తీసుకోవడం’ అనాలి. లేకపోతే శీర్షికలోనే బాధ్యత ఒకరి నుంచి ఇంకొకరికి మారిపోతుంది.

ఇక నష్టపరిహారం. మన ఒప్పంద చట్టం 1872లో 73వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినవాడు ఇచ్చేది నష్టపరిహారం. 124వ సెక్షన్‌లోని ఇండెమ్నిటీ అది కాదు. ఎదుటివాడికి నష్టం రాకుండా నేను కాపాడతానని ముందే ఇచ్చే మాట. నేను ఒప్పందం తప్పానా లేదా అన్న ప్రశ్నే రాదు.

ఉదాహరణకు గుంటూరులో ఒకాయన ఈ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, ఏడాది వారంటీతో 40,000 రూపాయలకు ఒక కొట్టుకు పెట్టాడనుకోండి. పన్ను లెక్క తప్పింది. కొట్టు యజమాని ఆ వారంటీ చూపించి, అమ్మినాయనతోపాటు కోడ్ రాసిన కంట్రిబ్యూటర్ మీద కూడా దావా వేశాడు. కంట్రిబ్యూటర్‌కు లాయరు ఖర్చు 60,000 అయింది. 9వ భాగం ప్రకారం అది అమ్మినాయన భరించాలి. ‘నష్టపరిహారం చెల్లించాలి’ అని మాత్రమే రాస్తే, ‘నేను తప్పు చేశానని తేలితేనే కదా’ అంటాడాయన. ఎవరు ఎవరికి చెల్లించాలో కూడా ఆ వాక్యంలో లేదు. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది, మనం గమనించం.

నేనైతే ఇలా రాస్తాను: ‘మీరు అలాంటి వారంటీ బాధ్యత తీసుకున్నందువల్ల ఏ కంట్రిబ్యూటర్ మీదనైనా దావా వచ్చినా, చెల్లింపు భారం పడినా, వారి తరఫున వాదించి, ఆ భారమంతా భరించి, వారికి నష్టం లేకుండా చూస్తానని మీరు ఒప్పుకుంటేనే ఆ బాధ్యత తీసుకోవచ్చు.’ చివర ‘ఒప్పుకుంటేనే’లో ఉన్న ‘నే’ని వదలకండి. మూలంలో అది షరతు.

వెంకటలక్ష్మి: నా లాప్‌టాప్ వారంటీలో ఉన్నా షాపువాళ్లు బాగుచేయనంటున్నారు. ఈ 9వ భాగం చూపించి అడగొచ్చా?

భాస్కరరావు: లేదమ్మా, అది సాఫ్ట్‌వేర్ లైసెన్సు గురించి. మీ బిల్లు, వారంటీ కార్డు తీసుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

కిరణ్: సరే, నష్టపరిహారం విషయం ఒప్పుకుంటాను. కానీ వారంటీ ఎందుకు, హామీ చక్కటి మాట కదా?

భాస్కరరావు: బ్యాంకు లోనుకు ‘హామీ ఉన్నాను’ అంటే ఏమిటి? అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే నేను కడతానని. అది 126వ సెక్షన్, గ్యారంటీ. అందుకే లైసెన్సులో హామీ వద్దంటాను.

సుజాత: ‘వారంటీ’ అన్నా చిక్కే వస్తోందండీ. మా ఊళ్లో ఇద్దరికి చదివి వినిపిస్తే, ఏడాదిపాటు ఉచిత రిపేరు అనుకున్నారు. 7వ భాగం ప్రకారం, పైకి చెప్పినవీ, చెప్పకపోయినా చట్టప్రకారం ఉన్నట్టు భావించేవీ ఏ వారంటీలూ లేవంటే, ‘రిపేరు చెయ్యరన్నమాట’ అని ఊరుకున్నారు. పని చేస్తుందన్న మాట కూడా ఇవ్వడం లేదని వాళ్లకు తట్టలేదు.

భాస్కరరావు: మంచి పరీక్ష చేశారు. అక్కడ ‘ఇది సరిగా పనిచేస్తుందని గానీ, మీ అవసరానికి సరిపోతుందని గానీ మేము మాట ఇవ్వడం లేదు’ అని విప్పి రాయడమే దారేమో. ఆ వాక్యంలో వారంటీ అన్న పదం ఉంచాలా వద్దా అన్నది నాకూ తేలలేదు.

కిరణ్: విప్పి రాస్తే మూలంలో లేనిది మనం చేర్చినట్టు కాదా?

సుజాత: రెండు రకాలుగానూ రాసి, అదే ఇద్దరికి మళ్లీ చదివి వినిపిస్తాను. శీర్షిక మాత్రం ఇప్పుడే మార్చేశాను.