“రెండు పోల్స్ ఉన్నాయి” అనాలా, “పోల్ రెండుసార్లు వచ్చింది” అనాలా?

బ్రాడీపేట ట్యూషన్ మేడమ్
అందరికీ నమస్కారం. గుంటూరులో ఇంజినీరింగ్ పిల్లలకు సిగ్నల్స్ చెబుతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల కోసం ఇన్వర్స్ జెడ్ ట్రాన్స్‌ఫార్మ్ నోట్సు తెలుగులో రాస్తున్నాను. పాక్షిక భిన్నాలు వాళ్లకు ఇంటర్‌లోనే అలవాటు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఒక్క వాక్యం దగ్గరే ఆగాను. లెక్క ఇది:

```
X(z) = z^2 / ((z-1)(z-0.5)^2),  |z| > 1
```

“z = 0.5 దగ్గర రెండు పోల్స్ ఉన్నాయి” అని రాశాను. ఒకమ్మాయి అది చదివి B/(z-0.5) + C/(z-0.5) అని విడగొట్టింది. తప్పు ఆ పిల్లదా, నా వాక్యానిదా?

బెజవాడ భాషాభిమాని
మేడమ్ గారూ, “పోల్స్” ఎందుకండీ? కాలు కాళ్లయినట్టు పోల్‌ని కూడా “పోళ్లు” చేసుకోవచ్చు. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషు బహువచనమే తగిలించాలని ఎవరన్నారు?

బ్రాడీపేట ట్యూషన్ మేడమ్
బహువచనం సంగతి కాదండీ. అసలు అక్కడ బహువచనం వాడొచ్చా అని.

చేబ్రోలు పంతులు
“పునరావృత ధ్రువం” అనండి. ఏకవచనం నిలుస్తుంది, మళ్లీ వచ్చిందన్న అర్థమూ వస్తుంది.

ఆటోనగర్ ఇంజినీర్
పంతులుగారి మాట బాగుంది కానీ, ఆ పిల్ల ఎక్కడ జారిందో చూస్తే వాక్యం దానంతట అదే దొరుకుతుంది. B, C రెండింటి కిందా ఒకే (z-0.5) పెడితే అవి కలిసిపోయి (B+C)/(z-0.5) అవుతాయి. పేరుకు రెండు అక్షరాలున్నా ఉన్నది ఒక్క సంఖ్యే. వర్గం ఉన్న హారం ఇక ఎక్కడినుంచీ పుట్టదు. కాబట్టి ఒక పదం కింద (z-0.5), ఇంకో పదం కింద (z-0.5)^2, రెండూ ఉండాలి.

ముందు X(z)ని z తో భాగించండి. చివర్లో ఆ z ని తిరిగి పైకి తెచ్చుకుంటే z/(z-a) రూపం వస్తుంది, పట్టికలో ఉన్నది అదే.

```
X(z)/z = z / ((z-1)(z-0.5)^2)
       = A/(z-1) + B/(z-0.5) + C/(z-0.5)^2
```

A కోసం (z-1) ని మూసేసి z = 1 పెట్టండి. 1/0.25, అంటే 4. C కోసం (z-0.5)^2 ని మూసేస్తే మిగిలేది z/(z-1). అందులో z = 0.5 పెడితే -1. B దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. (z-0.5) ని ఒక్కసారే మూసి 0.5 పెడితే కింద ఇంకో (z-0.5) మిగిలి ఉంటుంది, సున్నాతో భాగించినట్టవుతుంది. అందుకే z/(z-1) ని అవకలనం చేసి, అప్పుడు 0.5 పెట్టాలి. అవకలనం -1/(z-1)^2, విలువ -4.

సత్తెనపల్లి రోడ్ బీటెక్
అన్నా, B లేకుండానే రాసేవాళ్లం మేము. 4/(z-1) - 1/(z-0.5)^2 సరిపోదా? పోల్ వర్గంలో ఉంది కదా.

ఆటోనగర్ ఇంజినీర్
z = 0 పెట్టి చూడు తమ్ముడూ. అసలు భిన్నంలో పైన z ఉంది కాబట్టి 0 రావాలి. నీ రెండు పదాలూ కలిపితే -4, -4, మొత్తం -8. మన -4/(z-0.5) కూడా చేరిస్తే +8 వచ్చి సున్నా అవుతుంది. అవకలనం అంటే టెన్షన్ పడే పిల్లలు B ని ఇలాగే తిరగేసి కూడా కనుక్కోవచ్చు. A, C తెలిశాక z = 0 పెడితే B ఒక్కటే మిగులుతుంది.

సత్తెనపల్లి రోడ్ బీటెక్
సరే, B ఉండాల్సిందే. మరి ఇన్వర్స్ వేస్తే లాప్లాస్‌లో 1/(s-a)^2 కి t వచ్చి ఘాతానికి తగిలినట్టే, ఇక్కడ n(0.5)^n వస్తుంది. అంటే 4 - 4(0.5)^n - n(0.5)^n. అవునా?

ఆటోనగర్ ఇంజినీర్
n వస్తుందన్నది నిజమే, ఘాతం దగ్గర తేడా కొట్టింది. n·a^n కి జోడీ az/(z-a)^2. మన దగ్గర పైన ఉన్నది ఉత్త z, ఆ a లేదు. కాబట్టి n·a^(n-1).

```
x[n] = 4 - 4(0.5)^n - n(0.5)^(n-1),  n >= 0
     = 4 - (4 + 2n)(0.5)^n
```

నమ్మకం కుదరకపోతే పొడవు భాగహారం చేయి. హారాన్ని విప్పితే z^3 - 2z^2 + 1.25z - 0.25. దానితో z^2 ని భాగిస్తే మొదట z^(-1), తర్వాత 2z^(-2), ఆపైన 2.75z^(-3). మన సూత్రంలో n = 0, 1, 2, 3 పెడితే 0, 1, 2, 2.75. నీ సూత్రంలో n = 1 పెడితే 1.5 వస్తుంది. n = 0 దగ్గర మాత్రం రెండూ సున్నాయే ఇస్తాయి, అందుకని ఒక్క x[0] చూసి వదిలేస్తే ఈ తప్పు దొరకదు.

పటమట నుంచి ఒక అమ్మ
మా అబ్బాయి కంప్యూటర్‌లో residuez వాడి ఇదే లెక్క చేస్తే 4, -2, -2 వచ్చిందట. మీరేమో 4, -4, -1 అంటున్నారు. వాడి ల్యాబ్‌లో మార్కులు వేయలేదు, చేత్తో చేసినదానికి సరిపోలేదని.

ఆటోనగర్ ఇంజినీర్
రెండూ సరైనవేనమ్మా. అది z^(-1) లో విడగొడుతుంది, z తో భాగించడం అనే మెట్టే అక్కడ ఉండదు. దాని పదాలు ఇలా ఉంటాయి:

```
4/(1-z^-1) - 2/(1-0.5z^-1) - 2/(1-0.5z^-1)^2
```

మూడో పదానికి జోడీ (n+1)(0.5)^n. కాబట్టి 4 - 2(0.5)^n - 2(n+1)(0.5)^n. కలిపితే అదే 4 - (4+2n)(0.5)^n. గుణకాలను కాదు, x[n] ని పోల్చమని చెప్పండి. ఇంతకీ వాడు తన గుణకాలు తీసుకెళ్లి z/(z-0.5)^2 పక్కన పెట్టి ఉంటే మాత్రం ల్యాబ్‌వాళ్లదే రైటు.

పటమట నుంచి ఒక అమ్మ
ఏది పెట్టాడో సాయంత్రం అడుగుతాను.

బ్రాడీపేట ట్యూషన్ మేడమ్
అయితే నోట్సులో ఇలా మారుస్తాను: “z = 0.5 దగ్గర ఒకే పోల్ రెండుసార్లు వచ్చింది. దానికి ఒకటో ఘాతం పదం, రెండో ఘాతం పదం రెండూ రాయాలి.” చుక్క తర్వాత ఉన్న ముక్కే ఆ పిల్లకు కావలసింది అనుకుంటా.

చేబ్రోలు పంతులు
ఆ ముక్క ఉంటే ముందుది ఎలా ఉన్నా ఫరవాలేదు. నా ఓటు మాత్రం పునరావృత ధ్రువానికే. “రెండుసార్లు వచ్చింది” అంటే ఎప్పుడో ఓసారి వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చినట్టుంది.

సత్తెనపల్లి రోడ్ బీటెక్
పంతులుగారూ, “పునరావృతం” అన్నా అదే కదండీ, మళ్లీ రావడమే! మేడమ్, |z| > 1 అన్నది తీసేసి 0.5 కీ 1 కీ మధ్య అని ఇస్తే?

ఆటోనగర్ ఇంజినీర్
A, B, C మారవు. 1 దగ్గరి పదం ఒక్కటే ఎడమవైపుకు తిరుగుతుంది. n >= 0 కి 4 పోయి, n < 0 కి -4 వస్తుంది. 0.5 పదాలు ఉన్నచోటే ఉంటాయి.

బెజవాడ భాషాభిమాని
అన్నీ బాగానే ఉన్నాయి. “పోళ్లు” సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.