నాన్నగారికి డీబీఎస్ అన్నారు, ముందు మందులు ఆపి పరీక్ష చేస్తారట

శిరీష_గుంటూరు:
నాన్నగారికి 67 ఏళ్లు. పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లయింది. సిండోపా రోజుకు ఆరుసార్లు వేసుకుంటారు. వేసుకున్న ముప్పావు గంటకు బాగుంటారు, రెండున్నర గంటలు తిరిగేసరికి కాళ్లు బిగుసుకుపోతాయి, కుడిచెయ్యి వణుకుతుంది. మందు బాగా పట్టిన వేళ ఒళ్లంతా మెలికలు తిరిగిపోతుంది. డాక్టరు గారు డీబీఎస్, అంటే మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. దానికి ముందు రాత్రి నుంచి మందులు ఆపేసి, పొద్దున్నే హాస్పిటల్‌కి తీసుకురమ్మన్నారు. ఒక్క డోసు గంట లేటయితేనే మంచం మీద పక్కకి ఒత్తిగిలలేని మనిషి. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పరీక్ష ఎవరైనా చేయించారా? తప్పదా?

సత్తిబాబు_రాజోలు:
మా పెదనాన్నకీ చెప్పారండి. ఇది ఏ మందూ పనిచెయ్యని ఆఖరి దశలో చేసే ఆపరేషన్ కదా. అయ్యాక మాత్రలన్నీ మానేయొచ్చు. మీ నాన్నగారికి ఇంకా మందు పనిచేస్తోందంటున్నారు కాబట్టి ఇప్పుడే తొందరెందుకు?

పద్మ_న్యూరోనర్స్:
డీబీఎస్ పేషెంట్లకు కరెంటు సర్దే ప్రోగ్రామింగ్ చేసే క్లినిక్‌లో పనిచేస్తాను. సత్తిబాబు గారూ, మాత్రలు తగ్గుతాయన్నది నిజమే. మెదడు లోతున సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న చోట ఎలక్ట్రోడ్లు పెడితే చాలామందికి మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతాయి. పూర్తిగా మానేసేవాళ్లు మాత్రం తక్కువ. మీరన్న మొదటి మాట మాత్రం తలకిందులుగా ఉంది. సిండోపాకి అసలు కదలని లక్షణం దాదాపుగా డీబీఎస్‌కీ కదలదు. వణుకు ఒక్కటే మినహాయింపు. మందుకు లొంగని వణుకు కూడా కరెంటుకు లొంగుతుంది.

ఎందుకంటే, పార్కిన్సన్స్‌లో మెదడులోని డోపమిన్ అనే రసాయనం తగ్గుతుంది, అప్పుడు ఆ న్యూక్లియస్‌లో కణాలు విడివిడిగా పనిచెయ్యడం మానేసి, గుంపుగా ఒకే లయలో, సెకనుకు సుమారు 13 నుంచి 30 సార్లు మోగుతుంటాయి. ఆ లయ బలంగా ఉన్నంతసేపూ కదలిక మొదలవదు, కండరాలు బిగుసుకుని ఉంటాయి. సిండోపా వేసుకుంటే అది తగ్గుతుంది. ఎలక్ట్రోడ్ నుంచి సెకనుకు దాదాపు 130 సార్లు చిన్న చిన్న పల్స్‌లు ఇచ్చినా ఆ లయ చెదురుతుంది. మందు ఏ దారిని తెరుస్తుందో కరెంటూ చాలావరకు ఆ దారినే తెరుస్తుంది. తేడా ఒక్కటే. మందు రెండున్నర గంటలకు దిగిపోతుంది, కరెంటు రాత్రీ పగలూ ఉంటుంది. మీ నాన్నగారి కష్టం సరిగ్గా అదే, మధ్యలో దిగిపోవడం.

అందుకే ఆ పరీక్ష. సుమారు 12 గంటలు మందు లేకుండా ఉంచి స్కోరు వేస్తారు. తర్వాత పొద్దుటి డోసు కంటే కొంచెం ఎక్కువ ఇచ్చి, బాగా పట్టాక మళ్లీ వేస్తారు. వేళ్లు తట్టించడం, మణికట్టు తిప్పి బిగువు చూడటం, కుర్చీలోంచి లేపడం, నడిపించడం, వెనక నుంచి భుజాలు లాగి నిలదొక్కుకుంటారేమో చూడటం, ఇవన్నీ ఉంటాయి. స్కోరు ఎంత ఎక్కువుంటే ఇబ్బంది అంత ఎక్కువ, అది కనీసం 30 శాతం తగ్గితే ముందుకు వెళ్తారు. ప్రమిపెక్సాల్ లాంటి వేరే పార్కిన్సన్స్ మందులు వాడుతుంటే ఇంకా ముందే ఆపమంటారు, అడగండి. ఆ రాత్రి బాత్రూముకు ఒంటరిగా పంపకండి.

కరీం_కర్నూలు:
నాకూ చేతులు వణుకుతాయి మేడమ్. టీ గ్లాసు ఎత్తితే సగం ఒలికిపోతుంది, సంతకం బ్యాంకులో కలవడం లేదు. మా నాన్నకీ ఇలాగే ఉండేది. నేనూ రాత్రి మాత్రలు ఆపి ఈ పరీక్ష చేయించుకోవాలా?

పద్మ_న్యూరోనర్స్:
కరీం గారూ, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు వణుకుతోందా? గ్లాసు ఎత్తినప్పుడే వస్తే అది పార్కిన్సన్స్ కాకపోవచ్చు, ఎసెన్షియల్ ట్రెమర్ అయ్యుండొచ్చు. కుటుంబంలో ఉందంటున్నారు కాబట్టి అదే అనిపిస్తోంది. దానికి ఈ పరీక్షతో పనిలేదు. ముందు ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ లాంటి మందులు చూస్తారు, చాలకపోతేనే ఆపరేషన్. ఎలక్ట్రోడ్ పెట్టే చోటు కూడా వేరు, థలామస్‌లో. అసలు ఈ వైద్యం మొదలైందే అక్కడ. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే సర్జన్, వణుకుకి కారణమైన చోటును కాల్చే ముందు అది సరైనదో కాదో కరెంటు పెట్టి చూస్తుంటే, పల్స్‌ల వేగం పెంచినప్పుడు వణుకు ఆగిపోవడం గమనించారు. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా ప్రొప్రనలాల్ ఒక్కసారిగా ఆపకూడదు.

వేణు_డాలస్:
మా అమ్మకు విజయవాడలో ఉన్నప్పుడు చేయించాం. ఆపరేషన్ మర్నాడు బ్యాటరీ ఇంకా ఆన్ చెయ్యకుండానే అమ్మ చకచకా నడిచింది. అందరం పండగ చేసుకున్నాం. రెండు వారాలకు మళ్లీ మామూలే. ఎలక్ట్రోడ్ దిగినప్పుడు అక్కడి కణజాలం కాస్త వాచి, తాత్కాలికంగా అలా అవుతుందని తర్వాత చెప్పారు. ముందే చెప్పుంటే అంత కుంగిపోయేవాళ్లం కాదు.

ఆన్ చేశాక కూడా ఒక్కరోజులో కుదరలేదు. వణుకు సెకన్లలో ఆగింది. బిగువు కాసేపటికి వదిలింది. కరెంటు పెంచేకొద్దీ మాట ముద్దగా వచ్చేది. పక్కనే ఉన్న నరాల దారుల్లోకి కరెంటు పాకుతోందట. ఎలక్ట్రోడ్ మీద కరెంటు ఇచ్చే కాంటాక్టు మార్చి, కరెంటు కొంచెం తగ్గించి సర్దారు. చాలాసార్లు వెళ్లాల్సి వచ్చింది. దూరం నుంచి వచ్చేవాళ్లు ఈ ప్రయాణాలు లెక్కలో వేసుకోవాలి.

ఇంకొకటి, ఇది అందరూ చదవాలి. మోకాళ్ల నొప్పులకి అమ్మను ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కు తీసుకెళ్తే ఒంట్లో వేడి పుట్టించే డయాథెర్మీ పెట్టబోయారు. చెల్లెలు గుర్తుపట్టి ఆపింది. డీబీఎస్ ఉన్నవాళ్లకు ఒంట్లో ఎక్కడా డయాథెర్మీ పెట్టకూడదు. ఎలక్ట్రోడ్ చివర వేడెక్కి మెదడు కాలిపోతుంది. డివైస్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉంచండి. ఎంఆర్‌ఐ అంటే ముందు ఆ కార్డు చూపించాలి.

శిరీష_గుంటూరు:
పరీక్ష అయింది. రాత్రి చాలా నరకం చూశారు. తెల్లారుజామున అన్నయ్యా నేనూ కలిసి లేపాల్సి వచ్చింది. మందు లేకుండా స్కోరు 46, వేసిన గంటకు 21. అంటే సగానికి పైగా తగ్గినట్టే కదా! కుడిచెయ్యి వణుకు పూర్తిగా పోయింది. బొటనవేలు, చూపుడువేలు తట్టమంటే ముందు నాలుగుసార్లకే ఆగిపోయిన మనిషి, తర్వాత ఆపకుండా తట్టారు. గొంతు మాత్రం అలాగే సన్నగా ఉంది. వెనక్కి లాగితే అప్పుడూ ఇప్పుడూ పడబోయారు. ఈ రెండూ ఆపరేషన్‌తో బాగుపడతాయని ఆశ పెట్టుకోవద్దని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు.

సత్తిబాబు_రాజోలు:
పద్మ గారూ, అయితే మా పెదనాన్నకి రెండో ఏడాదే పడిపోవడం మొదలైంది, సిండోపా ఎంత పెంచినా తేడా లేదు. అలాంటివాళ్లకి?

పద్మ_న్యూరోనర్స్:
తొందరగా పడిపోవడం, మందుకు స్పందన లేకపోవడం రెండూ ఉంటే అది మామూలు పార్కిన్సన్స్ కాదేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. పీఎస్‌పీ, ఎంఎస్‌ఏ లాంటి వేరే మెదడు జబ్బులు మొదట్లో పార్కిన్సన్స్‌లాగే కనిపిస్తాయి, వాటిలో డీబీఎస్ మేలు చెయ్యదు. జబ్బు మొదలై నాలుగైదేళ్లు గడిచేదాకా ఆగమనడం కూడా అందుకే, ఆలోపు అసలు రంగు బయటపడుతుంది. మూవ్‌మెంట్ డిజార్డర్స్ చూసే న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించండి.

శిరీష గారూ, స్పందన 54 శాతం, బాగుంది. కానీ నాన్నగారు ఇంట్లో పడుతున్నది మందు దిగినప్పుడా, పట్టి ఉన్నప్పుడు కూడానా? దిగినప్పుడే అయితే ఆ పడిపోవడాలు తగ్గొచ్చు. పట్టి ఉన్నప్పుడూ అయితే డీబీఎస్ ఆపలేదు. టైములతో రాసిపెట్టండి, ఫోన్లో వీడియోలు తీయండి.

శిరీష_గుంటూరు:
ఎక్కువ దిగినప్పుడే, కానీ పోయిన నెల బాగున్న వేళే గుమ్మం దగ్గర పడ్డారు. రాయడం మొదలుపెడతాను. ఇంకో భయం ఉంది. ఈమధ్య ఒకే ప్రశ్న రెండోసారి అడుగుతున్నారు, పింఛను లెక్కలు అన్నయ్యకు వదిలేశారు. వచ్చేవారం జ్ఞాపకశక్తి పరీక్ష. అది చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమోనని అమ్మ చెప్పొద్దంటోంది.

పద్మ_న్యూరోనర్స్:
చెప్పాలి. తలకు రంధ్రం పెట్టి ఎలక్ట్రోడ్ దించడం వల్ల, ముందే మతిమరుపు ముదిరినవాళ్లు ఇంకా అయోమయంలో పడొచ్చు. కొద్దిపాటి మరుపైతే తప్పనిసరిగా ఆపెయ్యరు. సబ్‌థలామిక్ బదులు మెదడులోనే గ్లోబస్ పాలిడస్ అనే మరో చోట పెట్టే ఆలోచన చేస్తారు. మెలికలు తిరగడం అక్కడ నేరుగా తగ్గుతుంది, మందులు మాత్రం అంతగా తగ్గవు. ఏది మంచిదన్న దానిపై డాక్టర్ల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి. మీ టీమ్ ఏది, ఎందుకు ఎంచుకుంటోందో అడగండి.

వేణు_డాలస్:
బ్యాటరీ సంగతీ అప్పుడే అడగండి. ఛార్జింగ్ లేనిదైతే కొన్నేళ్లకోసారి ఛాతీ దగ్గర కోసి మార్చాలి. ఛార్జింగ్ ఉన్నది చాలా ఏళ్లొస్తుంది, కానీ క్రమం తప్పకుండా ఛార్జ్ పెట్టే మనిషి ఇంట్లో ఉండాలి. మీ నాన్నగారికి అది ఎవరు పెడతారు?