కన్నడ "ముందిన", తమిళ "ముందిన": రెండూ ఒకటే అనుకుని తేదీ తప్పు రాశాను, హెల్ప్ చేయండి

అనంతపురం నుంచి:
అందరికీ నమస్కారం అండి. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ కన్నడ నోటీసుని తెలుగు చేసి పంపాను, నిన్న ఫోన్ చేసి పిల్లలు తేదీ విషయంలో కన్ఫ్యూజ్ అయ్యారు అని అన్నారు, నాకు చాలా బాధగా ఉంది. కన్నడలో ఇలా ఉంది: "ముందిన వార నడెయబేకిద్ద పరీక్షెయన్ను ముందూడలాగిదె. హొస దినాంకవన్ను ముందె తిళిసలాగువుదు." నేను రాసింది: "ముందటి వారం జరగాల్సిన పరీక్షను ముందుకు జరిపారు. కొత్త తేదీ ముందే చెప్తారు." నాకు తమిళం కూడా కొంచెం వచ్చు, అందులో ముందిన వారం అంటే పోయిన వారమే కదా, అందుకే డౌట్ రాలేదు. ఎక్కడ తప్పాను?

హోసూరు నుంచి:
తమ్ముడూ, రెండు వాక్యాల్లో మూడు "ముం"లు ఉన్నాయి, మూడూ తిరగబడ్డాయి. కన్నడలో ముందిన వార అంటే వచ్చే వారం. బెంగళూరు మెట్రో ఎక్కితే "ముందిన నిల్దాణ" అని అనౌన్స్ చేస్తారు చూడు, అది రాబోయే స్టేషన్, దాటిపోయింది కాదు. ముందూడు అంటే వాయిదా వెయ్యడం, మనం ముందుకు జరిపారు అంటే అనుకున్న రోజుకన్నా ముందే పెట్టారని, సరిగ్గా ఉల్టా. ఇక మూడోది "ముందె", దె పొట్టిది గమనించు, ఇక్కడ తర్వాత, ఇకముందు అని అర్థం, మన "ముందే" కాదు. కాబట్టి: "వచ్చే వారం జరగాల్సిన పరీక్ష వాయిదా పడింది. కొత్త తేదీ తర్వాత తెలియజేస్తారు." తమిళం సంగతి నువ్వన్నది కరెక్టే, ముందిన నాళ్ అంటే ముందురోజే, వచ్చే వారానికి వాళ్ళు అడుత్త వారం అంటారు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట, పక్క రాష్ట్రంలోకి వెళ్తే క్యాలెండర్‌లో అటు తిరుగుతుంది.

చిత్తూరు నుంచి:
సింపుల్ అన్నా, కన్నడలో "ము" తో మొదలైతే తర్వాత, తెలుగు తమిళాల్లో మొదలైతే ముందు, ఈ రూల్ గుర్తుపెట్టుకో చాలు.

హోసూరు నుంచి:
ఆ రూల్ పెట్టుకుంటే ఇంకో గుంటలో పడతాడు బాబూ. కన్నడలోనే "ముంచె" అంటే ముందు, ఇంతకు మునుపు అని. "మున్నాదిన" అంటే పండగకి ముందురోజు లాంటిది, అంటే మున్నాదిన వెనక్కి చూస్తుంది, ముందిన దిన ముందుకి చూస్తుంది. నేను చేసేది ఒకటే, ముందిన కనబడిన చోట "బరువ" పెట్టి చదువుతా, బరువ వార అంటే వచ్చే వారం, అది పెట్టినా వాక్యం నిలబడితే సరే. పోయిన వారమే చెప్పాలంటే వాళ్ళు హిందిన వార, కళెద వార అంటారు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే నోటీసు పైన వేసిన తేదీ, పరీక్ష తేదీ పక్కపక్కన పెట్టి చూస్తా.

నెల్లూరు నుంచి, ఇప్పుడు చెన్నైలో:
నాకూ ఇలాగే అయింది అండి. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తే బోర్డు మీద "అవసర సిగిచ్చై పిరివు" అని ఉంది, నేను అవసరమైన చికిత్స అంటే మామూలు ఓపీ అనుకుని అమ్మని అక్కడే కూర్చోబెట్టాను, అది ఎమర్జెన్సీ వార్డు. తమిళంలో అవసరం అంటే అర్జెంటు, తొందర. పక్కింటావిడ "అవసరం ఇల్లె" అంటే నేను డబ్బులు అక్కర్లేదు అంటోంది అనుకుని తిరిగివ్వలేదు, తొందరేం లేదు మెల్లగా ఇవ్వు అని ఆవిడ భావం. కన్నడలో కూడా అవసర అంటే తొందరే అని విన్నాను, నిజమేనా?

హోసూరు నుంచి:
అవునమ్మా, "అవసర మాడబేడ" అంటే తొందరపడకు అని. మనం కావాలి అనే అర్థంలో వాడే దానికి వాళ్ళు అగత్య, అవశ్యకతె అంటారు.

చిత్తూరు నుంచి:
సరే అక్కా, రూల్ వెనక్కి తీసుకుంటున్నా. కానీ మన తెలుగు మాత్రం క్లియర్‌గా ఉంది కదా, ముందు అంటే ఎప్పుడూ జరిగిపోయిందే.

హోసూరు నుంచి:
ఎక్కడ? "ముందు ముందు తెలుస్తుంది" అంటాం, అది రేపటి సంగతే కదా. "ముందు తరాల వాళ్ళు చెప్పారు" అంటే తాతలు, "ముందు తరాలకి మిగల్చాలి" అంటే మనవలు. అందుకే కన్నడ నుంచి తెస్తున్నప్పుడు కాలం విషయంలో తెలుగు "ముందు"నే వాడను, వచ్చే, రాబోయే, కిందటి, తర్వాత, వీటిలో ఏదో ఒకటి పెట్టేస్తా.

అనంతపురం నుంచి:
చాలా థాంక్స్ అక్కా, సరిచేసిన నోటీసు ఇప్పుడే పంపాను, పాతది చదివిన పిల్లలకి విడిగా మెసేజ్ పెట్టమని కూడా అడిగాను. పాత ఫైళ్ళలో ముందిన అని వెతికితే ఇంకో పదకొండు చోట్ల ఉంది, తొమ్మిది నోటీసుల్లోవి, తేదీలు ఉన్నాయి కాబట్టి తేలిపోయాయి. మిగతా రెండూ ఒక కథలోవి, "ముందిన పీళిగె" అని. అక్కడ రాబోయే తరం అని రాయనా, తర్వాతి తరం అని రాయనా? కథ చెప్పే ముసలాయన అప్పటికే చనిపోయిన తన కొడుకు గురించి అంటున్నాడు, రాబోయే అంటే నాకు కుదరట్లేదు.