హైదరాబాద్ ఆఫీసు నుంచి బెల్‌వ్యూకి బదిలీ: ప్రమోషన్ ఇక్కడే అడగాలా, అక్కడికెళ్లాకా?

కొండాపూర్ కొత్త సభ్యురాలు

అందరికీ నమస్కారం. నానక్‌రామ్‌గూడలో ఒక అమెరికన్ కంపెనీ ఆఫీసులో ఇంజనీర్‌ని. కంపెనీ లోపలి బదిలీకి ఇచ్చే ఎల్-1బి వీసా స్టాంపింగ్ అయిపోయింది, వచ్చే నెల బెల్‌వ్యూ వెళ్లాలి. ఆఫర్ లెటర్‌లో ఇప్పుడున్న లెవలే ఉంచి, బేస్ జీతం 1,52,000 డాలర్లు అని పంపారు. ఈ సైకిల్‌లో సీనియర్‌గా ప్రమోషన్‌కి పేరు పెడతానన్న మా మేనేజర్, బదిలీ ఖాయమయ్యాక "అక్కడికెళ్లాక వాళ్లు చూసుకుంటారులే" అంటున్నారు. రూపాయల్లో చూస్తే పెద్ద మొత్తమే కాబట్టి ఇంకా అడగాలంటే మొహమాటంగా ఉంది. అడగొచ్చా? ఏం చూపించి అడగాలి?

ఫ్రిస్కో బాబాయ్

వెల్‌కమ్ అమ్మా. మొదట ఇల్లు చూసుకో. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేకపోతే రెండు నెలల డిపాజిట్ అడుగుతారు. అన్ని ఒరిజినల్స్ హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకో. జీతం సంగతికొస్తే టెన్షనే అక్కర్లేదు. వీసా మీద వచ్చేవాళ్లకి ప్రివైలింగ్ వేజ్, అంటే ఆ ఊళ్లో ఆ పనికి నడిచే జీతం కన్నా తక్కువ ఇవ్వకూడదని చట్టం. అందులో లెవల్ 4 అంటే సీనియర్. "నాకు లెవల్ 4 ఇవ్వండి" అని రాసెయ్. ప్రమోషన్ మాత్రం ఇక్కడికొచ్చాకే అడుగు, బడ్జెట్లన్నీ ఇక్కడి మేనేజర్ల దగ్గరే ఉంటాయి.

బెల్‌వ్యూ అక్క

బాబాయ్ గారూ, ప్రివైలింగ్ వేజ్ నియమం హెచ్-1బికి ఉంది, ఎల్-1కి లేదు. హెచ్-1బికి కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే జీతం హామీ పత్రమే ఎల్‌సీఏ, అది ఎల్-1కి ఫైల్ చేయరు. పైగా ఆ నాలుగు లెవల్స్ కార్మిక శాఖ వేతన సర్వేలో మెట్లు. వాటికీ కంపెనీ లోపలి లెవల్స్‌కీ సంబంధం లేదు. ఈ అమ్మాయి "లెవల్ 4" అని రాస్తే హెచ్‌ఆర్‌కి అది తమ కంపెనీ లెవల్ అనిపిస్తుంది, మెయిల్స్ అటూ ఇటూ తిరగడంతోనే వారం పోతుంది.

చెల్లీ, ఇక నీ సంగతి. నేను ఇక్కడ ప్రమోషన్ కమిటీల్లో కూర్చుంటాను. సాధ్యమైతే ప్రమోషన్ హైదరాబాద్‌లో ఉండగానే తేల్చుకో. నీ పని చూసినవాళ్లు అక్కడున్నారు. బెల్‌వ్యూ మేనేజర్‌కి నువ్వు కొత్త మనిషివి. ఆయన నీ కోసం కమిటీలో మాట్లాడాలంటే ముందు నీ పని తను చూడాలి కదా, అందుకని ఒక సైకిల్ ఆగుదామంటారు. ఆ సైకిల్ అయ్యేసరికి టీమ్ మారినా మారొచ్చు.

రెండో కారణం డబ్బు. మీ కంపెనీ బెల్‌వ్యూ ప్రకటనలు తెరిచి, నీ లెవల్‌కీ పై లెవల్‌కీ ఎంత రేంజ్ వేశారో చూడు. ఉదాహరణకి నీ లెవల్ 1,40,000 నుంచి 1,90,000, సీనియర్ 1,75,000 నుంచి 2,40,000 అనుకుందాం. ఇప్పుడు 1,52,000తో వెళ్లి ఏడాది తర్వాత ప్రమోట్ అయితే, ప్రమోషన్ పెంపు ఎనిమిది శాతం అనుకున్నా 1,64,000 దగ్గరికి వస్తావు. అది సీనియర్ రేంజ్ కన్నా కింద ఉంది కాబట్టి 1,75,000కి లాగి, అడుగు మెట్టు మీద నిలబెడతారు. అదే సీనియర్‌గా బదిలీ అయితే నీ ఆఫర్ ఆ రేంజ్ లోపల ఎక్కడో మొదలవుతుంది.

బెల్‌వ్యూ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో 15 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలు 2023 జనవరి 1 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ వేయాలి. కంపెనీ లోపలే కొత్త పోస్టుకి బదిలీ గానీ ప్రమోషన్ గానీ ఆఫర్ అందిన ఉద్యోగి అడిగితే ఆ పోస్టు రేంజ్ చెప్పాలి కూడా. కాబట్టి ముందు ఒక్క వాక్యం మెయిల్ చెయ్యి: "నా కొత్త పోస్టుకి వేతన శ్రేణి తెలియజేయగలరు." గొడవ స్వరం వద్దు.

నల్లగండ్ల రిటర్నీ

నేను తిరిగొచ్చినప్పుడు నాకూ ఇదే అయింది. ఇక్కడి కంపెనీలు సీటీసీ అని పెద్ద అంకె చెప్పి, అందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ అన్నీ కలిపేస్తాయి. నా ఆఫర్‌లో వేరియబుల్ ఎంతో విడిగా రాయించుకోవడానికి హెచ్‌ఆర్‌తో నెలంతా మెయిల్స్ నడిపాను. కోకాపేటలో ఫ్లాట్ ఈఎంఐ ఆ అంకె చూసి పెట్టుకునేవాడిని, అప్పుడుండేది నా పని. కాబట్టి సీటీసీ బ్రేకప్ తప్పకుండా అడుగు.

బెల్‌వ్యూ అక్క

అన్నయ్యా, ఈమె వెళ్తోంది, రావడం లేదు! అయినా ఆ మాట పనికొస్తుంది. చెల్లీ, సీటీసీని డాలర్ బేస్‌తో పోల్చకు. ఇక్కడ 1,52,000 అంటే బేస్ మాత్రమే. బోనస్, షేర్లు, 401(కె)లో కంపెనీ వాటా అన్నీ దాని బయట. రూపాయలతో గుణించి చూస్తే ఏ ఆఫరైనా ఎక్కువగానే కనిపిస్తుంది. బెల్‌వ్యూలో నీ పక్క సీట్లో అదే పని చేసేవాళ్లకి ఎంత ఇస్తున్నారన్నదే నీ పోలిక.

ఎల్‌సీఏ నీకు లేకపోయినా హెచ్-1బి మీద ఉన్న నీ సహోద్యోగులకి ఉంది. కార్మిక శాఖ ఆ ఫైళ్లని మూడు నెలలకోసారి ఎక్సెల్‌లో పెడుతుంది. కంపెనీ పేరు, టైటిల్ ఫిల్టర్ చేశాక `WORKSITE_CITY`లో బెల్‌వ్యూ ఎంచుకుని `WAGE_RATE_OF_PAY_FROM` చూడు. ఒక జాగ్రత్త. `CONTINUED_EMPLOYMENT` కింద ఉన్నవి పొడిగింపులు, అంటే ఆ మనుషులు ఎప్పుడో చేరి ఉంటారు. కొత్త ఆఫర్లతో పోల్చాలంటే `NEW_EMPLOYMENT`, `CHANGE_EMPLOYER` ఉన్న వరుసలే తీసుకో. ఇంకో చిక్కు, ఒకే టైటిల్ కింద రెండు లెవల్స్ కలిసిపోయి ఉంటాయి. అంకెల్ని చిన్న నుంచి పెద్దకి పేరిస్తే రెండు గుంపులుగా విడిపోవడం కనిపిస్తుంది. నీ లెవల్‌కి కింది గుంపు మధ్య అంకె చూడు. పై గుంపు చూపించి అడిగితే హెచ్‌ఆర్ ఒక్క నిమిషంలో తోసిపుచ్చుతారు.

సన్నీవేల్ తమ్ముడు

ప్రమోషన్ అక్కడే తేల్చుకోమన్న అక్క మాట వంద శాతం నిజం. నేను హైటెక్ సిటీ ఆఫీసు నుంచి వచ్చినప్పుడు ఇండియా కంపెనీలో రాజీనామా, అమెరికా కంపెనీలో కొత్త చేరిక అన్నట్టు కాగితాలు నడిచాయి. కొత్త ఎంప్లాయీ ఐడీ ఇచ్చారు. అప్పుడు పట్టించుకోలేదు. రివ్యూ సైకిల్ మొదలయ్యాక మేనేజర్ నా పేజీ తెరిస్తే గత రేటింగ్‌లు ఖాళీ. హెచ్‌ఆర్‌ని అడిగితే పాత రికార్డు పాత సంస్థదట, ఇటు నుంచి తెరుచుకోదట. పైగా ప్రస్తుత పోస్టులో ఆర్నెల్లు నిండితేనే ప్రమోషన్‌కి అర్హత అన్నారు. సిస్టమ్ దృష్టిలో నేను మొన్న చేరినవాడిని! హైదరాబాద్ మేనేజర్‌కి రాద్దామంటే ఆయన అప్పటికే కంపెనీ మారిపోయారు. టికెట్ మీద టికెట్ వేశాను. ఒక్కోసారి ఒక్కొక్కరు తీసుకుని "మీ సమస్య పరిష్కారమైంది" అని మూసేసేవారు. చివరికి పాత సర్వీసు తేదీ కలిపారు గానీ ఆ సైకిల్ పోయింది.

డాష్‌బోర్డుల సంగతి ఇంకోటి. మా మానిటరింగ్ టూల్ పాత గ్రాఫులు ఉంచదు. నేను తగ్గించిన లేటెన్సీకి "ముందు" గ్రాఫ్ నా దగ్గర లేదు, "తర్వాత" మాత్రమే ఉంది. దాంతో ఎవరికి ఏం చూపిస్తాం?

ఫ్రిస్కో బాబాయ్

అందుకే అన్నీ పర్సనల్ మెయిల్‌కి పంపుకోవాలి.

బెల్‌వ్యూ అక్క

వద్దు బాబోయ్! కంపెనీ డాక్యుమెంట్లు బయటి మెయిల్‌కి పంపితే అదే ఉద్యోగానికి ఎసరు. కంపెనీ డ్రైవ్‌లోనే ఒక డాక్యుమెంట్ పెట్టి, గ్రాఫుల స్క్రీన్‌షాట్లు అందులో అతికించి, రెండు వైపుల మేనేజర్లకీ యాక్సెస్ ఇవ్వాలి. బదిలీ తర్వాత పాత అకౌంట్ మూసేస్తారేమో ముందే అడగాలి.

కొండాపూర్ కొత్త సభ్యురాలు

అక్కా, చాలా థాంక్స్. ప్రమోషన్ డాక్యుమెంట్‌లో ఒక పాయింట్ ఇలా రాశాను, చూడండి: "సెటిల్‌మెంట్ బ్యాచ్ మైగ్రేషన్‌ను విజయవంతంగా లీడ్ చేశాను. పనితీరు గణనీయంగా మెరుగైంది."

బెల్‌వ్యూ అక్క

ఇది చదివితే కమిటీలో నాకు వచ్చే ప్రశ్నలు చెప్తా. ముందు ఎంత, తర్వాత ఎంత? ఎవరు కొలిచారు? లీడ్ అంటే డిజైన్ నీదా, మీటింగులు పెట్టడం నీదా? నువ్వు లేకపోతే ఏమయ్యేది?

కొండాపూర్ కొత్త సభ్యురాలు

బ్యాచ్ రాత్రి ఆరు గంటలు నడిచేది, ఇప్పుడు గంటా నలభై నిమిషాలు. తెల్లారేలోపు అవ్వక ఆన్‌కాల్ వాళ్లని లేపడం దాదాపు ఆగిపోయింది. బ్యాచ్‌ని విడి భాగాలుగా నడిపే డిజైన్ నాదే. రీట్రై పద్ధతి చూసి రిఫండ్స్ టీమ్ వాళ్లు కూడా అదే వాడుకున్నారు.

బెల్‌వ్యూ అక్క

ఆ చివరి ముక్కే నీ ప్రమోషన్, నువ్వేమో దాన్ని రాయనే లేదు! వేగం పెంచడం ఇప్పుడున్న లెవల్‌లోనూ ఆశిస్తారు. పక్క టీమ్ నీ డిజైన్ తీసుకోవడం సీనియర్ లెవల్ పని. ఇలా రాయి: "సెటిల్‌మెంట్ బ్యాచ్‌ను విడి భాగాలుగా నడిపే డిజైన్ నేను రాశాను. ఆరు గంటల పని గంటా నలభై నిమిషాలకు దిగింది, మార్పుకి ముందు నెల, తర్వాత నెల గ్రాఫులు జత చేశాను. రీట్రై పద్ధతిని రిఫండ్స్ టీమ్ స్వీకరించింది, వారి టెక్ లీడ్ ధ్రువీకరిస్తారు." డిజైన్ డాక్యుమెంట్ లింక్ పెట్టు. ఆ టెక్ లీడ్ దగ్గర రెండు వాక్యాల ఫీడ్‌బ్యాక్ బయల్దేరే ముందే సిస్టమ్‌లో వేయించు. ఇలాంటివి మూడు చాలు. పది పెడితే చదివేవాళ్లు బలహీనమైనదాన్నే పట్టుకుంటారు. ఇద్దరు కలిసి చేసినదైతే రెండోవాళ్ల పేరు కూడా రాయి, లేకపోతే అది వేరే చోట బయటపడుతుంది.

సన్నీవేల్ తమ్ముడు

నన్నడిగితే ఇదంతా కాదు. గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ ఆఫర్ తెచ్చుకుని టేబుల్ మీద పెట్టు, అంతే.

నల్లగండ్ల రిటర్నీ

హైదరాబాద్ ఆఫర్‌తో బెల్‌వ్యూ జీతం ఎలా పెరుగుతుంది తమ్ముడూ? "అయితే అక్కడే చేరండి" అంటే?

సన్నీవేల్ తమ్ముడు

వీసాకి ఇంత ఖర్చు పెట్టినవాళ్లు అంత తేలిగ్గా వదలరు అన్నా. విమానం ఎక్కాకే బలం పోతుంది. ఎల్-1 మీద వేరే కంపెనీకి మారలేమని వాళ్లకీ తెలుసు.

బెల్‌వ్యూ అక్క

వెళ్లాక బయటి ఆఫర్ బెదిరింపు పనిచేయదన్నది నిజమే. హైదరాబాద్ నుంచి బెదిరిస్తే పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి, బదిలీయే ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. నేనైతే చెప్పను. ఒకటి మాత్రం మర్చిపోకు చెల్లీ, టైటిల్ మారితే కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ముందే చెప్పించు. సీనియర్ ఇంజనీర్‌గా అదే పనైతే సాధారణంగా పెద్ద చిక్కు ఉండదు. మనుషుల్ని మేనేజ్ చేసే పోస్టుకి మారితే మాత్రం పిటిషన్ సవరించాల్సి వస్తుంది.

కొండాపూర్ కొత్త సభ్యురాలు

అప్‌డేట్. హెచ్‌ఆర్ రేంజ్ పంపారు, అక్క వేసిన ఉదాహరణకి దగ్గరగానే ఉంది. ఎల్‌సీఏ ఫైల్‌లో కింది గుంపు మధ్య అంకె 1,66,000 వచ్చింది, అదే రాసి పంపాను. 1,61,000కి పెంచారు. ఇక్కడ వదులుకుంటున్న బోనస్‌కి బదులు సైనింగ్ బోనస్ పరిశీలిస్తాం అన్నారు. ప్రమోషన్‌కి మా మేనేజర్ డాక్యుమెంట్ చదివి పేరు పెట్టారు. ఫలితం నేను బయల్దేరిన తర్వాతే వస్తుందట. సీనియర్ అయితే ఆఫర్ మళ్లీ లెక్కిస్తారా అని అడిగితే ఇంకా జవాబు లేదు.

బెల్‌వ్యూ అక్క

ఆ జవాబు మెయిల్‌లో వచ్చేదాకా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకు. గడువు దగ్గర పడితే పొడిగించమని అడుగు. ఫోన్‌లో "అలాగే చేస్తాం" అంటే, అదే మాట నువ్వే మెయిల్‌లో రాసి పంపి "సరేనా" అని అడుగు.

ఫ్రిస్కో బాబాయ్

మీ ఆయన ఎల్-2 మీద వస్తున్నాడా అమ్మా? అతను ఈఏడీ కార్డ్ వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు, ఇప్పుడే అప్లై చేయించు.

సన్నీవేల్ తమ్ముడు

బాబాయ్, 2021 నవంబర్ నుంచి ఎల్-2 జీవిత భాగస్వామికి విడిగా ఈఏడీ అక్కర్లేదు. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు మీద L-2S అని ఉంటే చాలు. దిగాక ఐ-94 ఆన్‌లైన్‌లో తీసి, ఆ అక్షరం పడిందో లేదో చూసుకోమనండి.