అప్‌డేట్: గెస్ట్‌హౌస్‌లో చివరి నిమిషం తగ్గింపు ఎంత ఇవ్వాలో తేలింది

నా ప్రశ్న: "కొండాపూర్‌లో మాకు ఆరు గదుల గెస్ట్‌హౌస్ ఉంది. సాయంత్రానికి మిగిలిన గదుల ధర ఎంతవరకు తగ్గించవచ్చు?"

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పనికొచ్చింది కనీస ధర లెక్క. అతిథి వస్తేనే అయ్యే ఖర్చు, అంటే దుప్పట్ల ఉతుకు, టిఫిన్, కరెంటు కలిపి గదికి 480 రూపాయలు. బుకింగ్ యాప్ కమీషన్ 20 శాతం కనుక 480ని 0.8తో భాగిస్తే 600. అంతకంటే తక్కువకు ఇస్తే నష్టమే. జీతాలు ఇందులోకి రావు, గది నిండినా నిండకపోయినా అవి ఇవ్వాల్సిందే.

అలాగని రోజూ 600 దాకా దిగము. మామూలు ధర 1,800. సగానికి మించి గదులు ఖాళీగా ఉన్న సాయంత్రాల్లోనే 1,300కు దించుతున్నాం. రోజూ దించితే పాత అతిథులు కూడా సాయంత్రం దాకా ఆగుతారన్న హెచ్చరిక నిజమే.

వారాంతం ధర పెంచడం ఇక్కడ కుదరలేదు. ఐటీ కంపెనీల పనిమీద వచ్చేవారితో మాకు సోమవారం నుంచి గురువారం వరకే గిరాకీ. హైటెక్స్‌లో పెద్ద ప్రదర్శనలున్న రోజుల్లో మాత్రం తగ్గింపు పూర్తిగా ఆపేశాం.