మోటారు దించమని మెకానిక్ రాసిన ఉత్తరం: దించితే నిజంగా నీళ్లు పెరుగుతాయా?

చీనీతోట_తాడిమర్రి
మాది సత్యసాయి జిల్లా. మూడెకరాల చీనీ, డ్రిప్పు మీద. నాన్న ఊళ్లో ఉంటాడు, నేను బెంగళూరులో. బోరు గ్యాప్ పోస్తోందని మెకానిక్‌ను పిలిపిస్తే ఆయన చూసి, నాకు చూపించమని ఒక ఉత్తరం రాసిచ్చి పోయాడు. ఉన్నదున్నట్టు కొడుతున్నా.

"అన్నకు నమస్కారం. మీ తోట బోరు చూసినాను. బోరు 420 అడుగులు, మోటారు 240లో ఉంది. కదిలించకుండా ఉన్నప్పుడు నీళ్లు 165 అడుగుల్లో ఉన్నాయి. మోటారు వేసిన ఎనిమిది నిమిషాలకే మోటారు దాకా దిగిపోతున్నాయి. అప్పుడు గాలి లాక్కుని ఆగి ఆగి పోస్తోంది. ఆంపియర్లు ఎనిమిదిన్నర నుంచి ఐదుకు పడుతున్నాయి. మోటారులో లోపం లేదు, నీళ్లే కిందికి పోయినాయి. ఇట్లనే నడిపితే బుష్‌లు అరిగి వైండింగ్ కాలుతుంది. మోటారును 310కి దించాలి. పదడుగుల పైపులు ఏడు, అంతే కేబులు, తాడు కావాలి. బోరు వేసినప్పుడు 190లో ఒక జల, 285లో ఒక జల పడిందని మీరు చెప్పినారు. 285 జల ఇంకా ఉంటే దించినందుకు ఫలితం ఉంటుంది. దించే ముందు బరువు కట్టి బోరు అడుగు చూడాలి. అంతవరకు ఎనిమిది నిమిషాలకు మించి వేయొద్దు."

నాన్న మాత్రం ఈ ఖర్చు ఎందుకు, ఇంకొంచెం వేసుకుని కొత్త బోరే వేద్దాం అంటున్నాడు. మీ అనుభవంలో దించిన తర్వాత ఏమైంది?

జనగామ_రైతు
తమ్మీ, మేం నిరుడు వంద అడుగులు దించినం. మొదటి వారం మంచిగ పోసింది, తర్వాత మళ్లా గదే కథ. మోటరు ఎంత కిందికి పోతే అంత ఎత్తుకు నీళ్లు గుంజాలె గదా, 5 హెచ్‌పీకి ఆ బరువు ఆగది. దించుడైతే దించు గని 7.5 హెచ్‌పీ పెట్టు. లేకుంటే పైసలు దండుగ.

బాపట్ల_శనగ
దించొద్దండీ. మా బాబాయి వాళ్లు నీళ్లు తగ్గాయని ఫిల్టరు బోరు లోతు చేయించారు. ఆ ఏడాదే ఉప్పు నీళ్లు తగిలాయి. శనగకాయ మొత్తం మాడిపోయింది. ఇప్పుడా బోరు మూసేశారు. పైపైన ఉన్న తియ్యటి నీళ్లతోనే సర్దుకోవాలి.

బోరుపని_కదిరి
బాపట్ల అక్కా, మీది సముద్రం పక్క ఇసుక నేల. అక్కడ మంచి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతుంటాయి, మీరు చెప్పింది అక్కడ నిజమే. తాడిమర్రి అంతా బండ. బండలో పగుళ్లు ఉన్నచోటే నీళ్లు. ఇక్కడ అడగాల్సింది ఉప్పు గురించి కాదు, కింది పగులులో ఊట ఉందా లేదా అని.

ఆ మెకానిక్ ఎవరో గాని నిజాయితీగా రాసినాడు. ఆంపియర్లు పడ్డాయంటే మోటారుకు పని లేకుండా పోయిందని అర్థం, అంటే నీళ్లే లేవు. మోటారు చెడితే చాలాసార్లు ఆంపియర్లు పెరుగుతాయి. కొత్త మోటారు అమ్ముకోవాలనుకునేవాడు ఈ మాట చెప్పడు.

ఒక పని చేయించు తమ్ముడూ. గ్యాప్ కొట్టగానే మోటారు ఆపి, కేసింగ్ మూతి దగ్గర చెవి పెట్టి వినమను. పైనుంచి నీళ్లు రాలే చప్పుడు వస్తే 190 జల బయటపడిందని గుర్తు.

కొలత_మనిషి
భూగర్భజలాల కొలతల పనిలో ఉండి రిటైరయ్యాను. ముందు జనగామ అన్న మాట గురించి. మోటారు 310లో కూర్చున్నా, బోరులో నీళ్లు 200లో ఉంటే అది ఎత్తేది 200 నుంచే. బరువు నీటి మట్టం నుంచి లెక్క, మోటారు ఉన్న చోటు నుంచి కాదు. పైపు పొడవు పెరిగినందుకు పడే రాపిడి కొద్దిపాటిదే. అయితే నడుస్తూ నడుస్తూ మట్టం 270కి దిగితే అప్పుడు 270 నుంచే ఎత్తాలి, పోత తగ్గుతుంది. అంతవరకు ఆయన మాట నిజం. కానీ 7.5 హెచ్‌పీ పెడితే బోరు ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. మన కొరత మోటారు బలంలో లేదు, ఊటలో ఉంది.

తాడిమర్రి బాబూ, దించే ముందు మూడు కొలతలు తీయించు. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుంది? గ్యాప్ కొట్టగానే ఆపితే అయిదు నిమిషాల్లో మట్టం ఎంత పైకి వచ్చింది? బోరు అడుగు ఇప్పుడు ఎక్కడుంది? మట్టం కొలవడానికి సన్నని జంట తీగ చాలు. చివర్లు ఒలిచి, ఒకదానికొకటి తగలకుండా కట్టి, చిన్న బరువు వేసి, పైన మల్టీమీటరు పెట్టాలి. నీళ్లు తగలగానే ముల్లు కదులుతుంది. మెయిన్ స్విచ్ ఆపిన తర్వాతే తీగ దించండి.

చీనీతోట_తాడిమర్రి
సెలవు పెట్టి వచ్చి నేనే కొలిచా. డ్రమ్ము నిండటానికి వంద సెకన్లు. ఆపిన అయిదు నిమిషాలకు మట్టం 240 నుంచి 190కి వచ్చింది. ఆ తర్వాత చాలా నెమ్మది. చప్పుడు కూడా వినబడింది, సన్నగా, కుళాయి సరిగ్గా కట్టకపోతే బకెట్లో పడ్డట్టు. అడుగు చూస్తే 372 దగ్గరే బరువు ఆగిపోయింది. అంటే దాదాపు యాభై అడుగులు పూడిపోయిందన్నమాట. ఈ సంగతి నాన్నకు కూడా తెలియదు.

కొలత_మనిషి
చాలా మంచి కొలతలు. ఇప్పుడు లెక్క చూద్దాం.

ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. అయిదు నిమిషాల్లో 50 అడుగులు లేచిందంటే 325 లీటర్లు, అంటే నిమిషానికి 65 లీటర్ల ఊట. మీ మోటారు తోడేది నిమిషానికి 120. తేడా 55. 165 నుంచి 240 వరకు నిలవున్నది 490 లీటర్లు. దాన్ని నిమిషానికి 55 చొప్పున తోడితే తొమ్మిది నిమిషాలు. మెకానిక్ చెప్పిన ఎనిమిది నిమిషాలకు సరిపోయింది.

ఇక దించితే ఏమవుతుంది? 70 అడుగుల్లో నిలవ 455 లీటర్లు. ఊట ఇంతే ఉంటే మీకు దొరికేది ఇంకో ఎనిమిది నిమిషాలు మాత్రమే. రైతులు మోసపోయేది ఇక్కడే. రాత్రంతా నిండిన బోరు పొద్దున బాగా పోస్తుంది, దించడం ఫలించింది అనుకుంటారు. అది నిలవ నీళ్లు.

అసలు లాభం ఇంకోచోట ఉంది. 190 జల ఇప్పటికే గాల్లో రాలుతోంది, మట్టం ఇంకెంత దించినా అది ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వదు. 285 జల ఇంకా నీళ్ల కింద ఉంది. పైనున్న నీళ్ల బరువు తగ్గించే కొద్దీ అది ఎక్కువ ఊరుతుంది. ఆ 65లో 40 దాకా దానిదే అనుకుంటే, మట్టం 275కి దించితే అది 60 దగ్గరికి రావచ్చు. మొత్తం 85. ఇది అంచనా, దించాక మళ్లీ డ్రమ్ము పెట్టి చూడాల్సిందే. 85 వచ్చినా మోటారు తోడే 120 కంటే తక్కువే, కాబట్టి పోత పైపు వాల్వును కొంచెం కట్టి 80కి తేవాలి. అప్పుడు ఆగకుండా పోస్తుంది. డ్రిప్పుకు కావాల్సిందీ అదే.

ఉత్తరంతో నాకు ఒక్కచోట తేడా ఉంది. 310 వద్దు, 280 చాలు. మోటారు పంపు కింద ఉంటుంది. 280లో పెడితే 285 నుంచి లేచే నీళ్లు మోటారును తడుముతూ పోతాయి, చల్లగా ఉంటుంది. 310లో పెడితే నీళ్లన్నీ పైనుంచే పంపులోకి పోతాయి, మోటారు చుట్టూ నీళ్లు కదలవు, వేడెక్కుతుంది. మూడు పైపుల ఖర్చూ మిగులుతుంది.

బోరుపని_కదిరి
సార్ చెప్పింది పుస్తకానికి సరే. కాని ఇప్పుడు మార్చి. మే నెలకు మట్టం ఇంకా దిగితే మళ్లీ క్రేను, మళ్లీ కూలీ. అందుకే మేం ఒక్కసారే కిందికి దించేస్తాం. మోటారుకు తొడుగు పైపు వేస్తే వేడి సమస్య తీరుతుంది.

కొలత_మనిషి
ఆరంగుళాల మోటారైతే ఆరున్నర బోరులో తొడుగుకు చోటెక్కడిది? నాలుగంగుళాల మోటారైతే ఒప్పుకుంటాను.

బోరుపని_కదిరి
అది నిజమే. వీళ్లది ఆరంగుళాలదే అయితే తొడుగు పట్టదు. అయినా 285 కిందికి పోతే మోటారు కాలినవీ చూసినా, ఏళ్లతరబడి నడిచినవీ చూసినా. ఖచ్చితంగా ఇదీ అని చెప్పలేను. పూడిక మాత్రం 372లోనే ఉంది కాబట్టి, 310లో పెట్టినా బురద లాగదు.

గుత్తి_వేరుశనగ
దించేటప్పుడు జాగ్రత్త. మాకు 260 దగ్గర బండ పెళ్ల ఊడి అడ్డం పడింది. మోటారు కిందికీ పోలేదు, పైకీ రాలేదు. బలంగా లాగితే తాడు తెగి మోటారు బోరులోనే ఉండిపోయింది, బోరు కూడా పోయింది. ముందు మోటారంత లావు పైపు ముక్కను తాడుకు కట్టి దించి చూడాలని తర్వాత చెప్పారు. సన్నని బరువు సందులోంచి దిగిపోతుంది, మోటారు దిగదు.

చీనీతోట_తాడిమర్రి
ఇది ఎవరూ చెప్పలేదన్నా, రాసుకున్నా. మాది ఆరంగుళాల మోటారే, ప్లేటు మీద చూశా. నాన్న కొత్త బోరు మాట ఇంకా వదల్లేదు.

కొలత_మనిషి
కొత్త బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, అది వేరే సంగతి. అదే తోటలో అదే పగుళ్ల గొలుసు తగిలితే రెండు బోర్లూ ఒకే నీటిని పంచుకుంటాయి. పాత బోరు పోత సగానికి పడటం నేను చాలా ఊళ్లలో కొలిచాను. మీ తోటలో అలాగే జరుగుతుందని మాత్రం చెప్పను, వేరే పగులు తగలనూ వచ్చు.

జనగామ_రైతు
సార్, మాది గూడ మొదటి వారమే పోసింది నిలవ నీళ్లేనా? మా బోర్ల రెండో జల ఎక్కడ పడ్డదో మాకు యాదికి లేదు. ఎట్ల తెల్సుకోవాలె?

కొలత_మనిషి
ఆపిన తర్వాత ప్రతి నిమిషానికీ మట్టం కొలిచి రాసుకోండి. ఒక లోతు దాటగానే లేచే వేగం ఒక్కసారిగా తగ్గితే, అక్కడ ఒక జల ఉన్నట్టు. బాబు కొలతలో 190 దగ్గర జరిగింది అదే. కాని చివర్లో వేగం ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, రెండు మూడు సార్లు కొలిచి ఒకే లోతులో కనబడితేనే నమ్మండి. దానికంటే ఖాయమైనది కెమెరా దించి చూడటం, అది మీ దగ్గర దొరుకుతుందో లేదో కనుక్కోండి.

చీనీతోట_తాడిమర్రి
నాన్న, నేను, మెకానిక్ కూర్చుని మాట్లాడుకున్నాం. ముందు పైపు ముక్క దించి చూసి, అడ్డం లేకపోతే 280కి దించుతున్నాం. మూడు పైపులు కొని షెడ్డులో ఉంచుతామని మెకానికే అన్నాడు. నీళ్లు ఇంకా దిగితే అప్పుడు 310. నీళ్లు అయిపోగానే మోటారును ఆపేసే డ్రై రన్ రిలే కూడా స్టార్టర్‌కు పెట్టిస్తున్నాం. కేబులు అతుకు గురించి ఎవరైనా చెప్పండి, పాత కేబులుకు నలభై అడుగులు కొత్తది కలపాలి.

బోరుపని_కదిరి
మూడు తీగల అతుకులు ఒకేచోట వేయనీయొద్దు, ఒకటి కింద ఒకటి ఎడంగా ఉండాలి. రబ్బరు టేపు, దానిపైన పీవీసీ టేపు. చుట్టిన అతుకును బకెట్టు నీళ్లలో ముంచి, కరెంటు లీకవుతోందేమో మెగ్గర్ పెట్టి చూడమను. దించిన తర్వాత పైనుంచి ఇంకోసారి. రీడింగు మంచిగా లేకపోతే ఎంత రాత్రయినా పైకి లేపించు.