మామిడి గుజ్జు వ్యాపారం: చిన్నాయన కొడుక్కి పెట్టే మెయిల్‌లో ఏం రాయాలి?

దామలచెరువోడు: జర్మనీలో మెకానికల్ ఇంజనీర్‌ని. మా చిన్నాయన కొడుకు ఊళ్లోనే తోట చూసుకుంటున్నాడు. తోతాపురి గుజ్జు తీయిద్దామని మెయిల్ రాసినా. "తమ్ముడూ, డబ్బు నేను పెడతా, పని నువ్వు చూసుకో. లాభం చెరి సగం." ఇంకేమైనా చేర్చాలా?

గుజ్జు_లెక్కలు: ఆ రెండు వాక్యాలే తంటా తెస్తాయి అన్నా. కాయ జూన్, జూలైల్లో వస్తుంది, డ్రమ్ములు ఏడాదంతా అమ్ముడవుతాయి. కాయకి డబ్బు అప్పుడే కట్టాలి. అది ఎవరిది, ఎంతవరకు అన్నది మెయిల్‌లో ఉండాలి.

లెక్క చూడండి. 20 టన్నుల కాయకి సుమారు సగం, అంటే 10 టన్నుల గుజ్జు. 215 కిలోల డ్రమ్ములైతే 46. కాయ కిలో 8 రూపాయలుంటే గుజ్జులో కాయ ఖర్చే కిలోకి 16. దిగుబడి 45 శాతానికి పడితే దాదాపు 18. 2025లో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి రైతుకి 12 ఇవ్వాలని నిర్ణయించినారు. ఆ ఏడు ధర చూసుకుని వచ్చే ఏటి బడ్జెట్ వేయొద్దు.

పలమనేరు_పిల్లోడు: డబ్బుకేం భయం? చిన్న ఆహార పరిశ్రమలకి కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ ఇస్తారు కదా, దాంతో కాయ కొనేయొచ్చు.

గుజ్జు_లెక్కలు: 35 శాతం నిజమే, కానీ 10 లక్షలు మించదు. పైగా చేతికి రాదు. బ్యాంకు లోన్ ఖాతా పక్కన మూడేళ్లు ఉండి, లోన్ సక్రమంగా కడితేనే అందులో సర్దుతారు. కాయకి పనికిరాదు.

మదనపల్లె_టమాటా: మాది టమాటా. కెచప్‌కి కూడా ఇదే లెక్కా?

గుజ్జు_లెక్కలు: దానికి వేరే పోస్టు పెట్టండి, టమాటా ఏడాదంతా దొరుకుతుంది.

గేటు_దగ్గర: కాయ తిప్పి పంపే అధికారం తమ్ముడిదేనని రాయండి. కార్బైడ్ వేసిన కాయ తొక్క పసుపుగా ఉంటుంది, కోస్తే టెంక దగ్గర కండ తెల్లగా, పుల్లగా ఉంటుంది. రసం చుక్క తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద వేస్తే 11, 12 బ్రిక్స్ చూపిస్తుంది. తోతాపురి గుజ్జు కొనేవాళ్లు 14 బ్రిక్స్ అడుగుతారు. ఆ లోడు దించుకుంటే మంచి గుజ్జు కూడా పల్చబడుతుంది. కార్బైడ్ నిషేధం, ఇథిలీన్ గ్యాసుతోనే మాగబెట్టాలి. లోడు తెచ్చింది మేనమామే అయినా తిప్పి పంపాలంటే, ఆ మాట కాగితం మీద ఉండాలి తమ్ముడికి.

తిరుపతి_ఆడిటర్: తమ్ముడికి నెల జీతం, లాభంలో వాటా వేర్వేరుగా రాయండి. జీతం సంగతి పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో లేకుంటే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపలేరు. మీ డబ్బు విదేశం నుంచి బ్యాంకు ద్వారా గానీ, ఎన్నారైలకుండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ లాంటి ఖాతా నుంచి గానీ రావాలి. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో ఎన్నారై పెట్టుబడి తిరిగి బయటికి తీసుకెళ్లని పద్ధతిలోనే పెట్టాలి. వ్యవసాయం అందులో కలపకూడదు, కాబట్టి తోట బయటే ఉంచండి.

దామలచెరువోడు: మార్చినా, చూడండి. "తమ్ముడూ, ఈ సీజన్‌కి 20 టన్నులే, వేరే ఫ్యాక్టరీలో కూలికి తీయిద్దాం. కాయ డబ్బు నాది, జూన్ ఒకటికల్లా ఖాతాలో వేస్తా. నీ జీతం మే నుంచే. బ్రిక్స్ తక్కువైతే తిప్పి పంపేది నువ్వే, నన్ను అడగొద్దు. నీకు కుదరదనిపిస్తే ఇప్పుడే చెప్పు, నేనేం అనుకోను."

గేటు_దగ్గర: బాగుంది. చెక్కు మీద ఇద్దరి సంతకాలా, ఒక్కడిదేనా?

తిరుపతి_ఆడిటర్: ఇద్దరివి పెట్టండి.

గుజ్జు_లెక్కలు: లోడు గేటు దగ్గర నిలబడినప్పుడు జర్మనీ సంతకం కోసం ఎదురుచూస్తారా? కొంత మొత్తం వరకు తమ్ముడి సంతకమే చాలనండి.